ఆదివారం ఏడింటికి మేకప్ క్లాసు

చేవెళ్లలో ఆరు మంచాల ప్రైవేటు దవాఖాన. ఎడమ చేతికి సెలైన్ ఎక్కుతుండగా, కుడి చేత్తో ఫోను పట్టుకుని నీలవేణి తన జబ్బు గురించి తనే చదువుకుంది.

“గమనిక. కూచిపూడి జూనియర్ బ్యాచ్ తల్లిదండ్రులకు: ఇన్‌స్ట్రక్టర్ గారి అనారోగ్యం వల్ల ఈ బుధవారం సాయంత్రం ఐదు గంటల క్లాసు రద్దు చేయడమైనది. దానికి బదులుగా మేకప్ క్లాసు ఈ ఆదివారం ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు క్లబ్‌హౌస్ హాల్లో ఉంటుంది. పిల్లలు గజ్జెలతో పది నిమిషాలు ముందే రావాలి. అసౌకర్యానికి చింతిస్తున్నాము. మేనేజర్.”

మొదటి వాక్యం నిజమే. సోమవారం నూట మూడు జ్వరంలో వణుకుతూ వారానికి రెండు రోజులు తను నాట్యం చెప్పే మొయినాబాద్ విల్లాల క్లబ్‌హౌస్ మేనేజరుకు తనే ఫోన్ చేసి చెప్పింది, బుధవారం రాలేనని. రెండో వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాలేదు. ప్లేట్‌లెట్లు ఎప్పుడు పెరుగుతాయో డాక్టరుకే తెలియదు. విల్లాల కమిటీకి మాత్రం తెలిసిపోయినట్టుంది, ఆదివారం పొద్దున ఏడింటికి ఆమె గంతులు వేస్తుందని.

ఒళ్లంతా మండింది. ఈసారి జ్వరంతో కాదు.

ఆదివారం ఏడు గంటలంటే ఖాళీగా పడి ఉన్న సమయం కాదు. పదకొండేళ్లుగా ఆ గంటన్నర చేవెళ్ల పిల్లలది. ఇంటి వెనక, ఒకప్పుడు టమాటా పెట్టెలు పేర్చిన రేకుల షెడ్డులో ఎనిమిదిమంది ఆడపిల్లలు నేర్చుకుంటారు. కుట్టుమిషను సమత కూతురు అనూహ్య, ఆర్టీసీ కండక్టరు కూతుళ్లిద్దరు, ఇలాంటివాళ్లే అందరూ. వారంలో వాళ్లకు దొరికే క్లాసు అదొక్కటే. ఆ సంగతి మేనేజరుకు తెలుసు. మొదటి రోజే నీలవేణి చెప్పింది, ఆదివారం పొద్దున తప్ప ఎప్పుడు పిలిచినా వస్తానని.

ఆ షెడ్డు ఊరికే రాలేదు. నీలవేణి పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, క్యారెట్ లోడుతో తెల్లవారుజామున పట్నం వెళ్లే వ్యానులో తండ్రి పక్కన కూర్చుని మెహదీపట్నంలో దిగి నాట్యం నేర్చుకునేది. పెళ్లయి వచ్చాక అత్త రుక్మిణమ్మ గజ్జెల సంచి చూసి, “మా ఇంట్ల ఆడోళ్లు ఎగురుడేంది? సర్పంచు చేసిన ఇల్లు ఇది” అని ఏడాది పాటు కోడలితో సరిగా మాట్లాడలేదు. ఆ ఏడాది నీలవేణి కూడా మాట్లాడలేదు. చివరికి షెడ్డులో టమాటా పెట్టెలు బయటకు వేయించింది రుక్మిణమ్మే. ఎందుకు వేయించిందో ఇప్పటికీ చెప్పదు.

గమనిక వచ్చిన తల్లిదండ్రుల గ్రూపులోనే నీలవేణి జవాబు రాయబోయింది. రాయడానికి చోటే లేదు. “అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపగలరు” అని అడుగున సన్నటి గీతలా ఉంది. ఆమె గ్రూపులో ఉంది గానీ నోరు లేదు. తల్లిదండ్రులు మాత్రం ఆ గమనిక కింద బొటనవేళ్లు పెడుతూ పోతున్నారు. తొమ్మిది. పది. పదకొండు.

మేనేజరు వంశీ కృష్ణకు ఫోన్ చేసింది.

“మేడమ్, ఎలా ఉన్నారండీ? రెస్ట్ తీసుకోండి” అన్నాడతను.

“రెస్టు ఎట్ల తీసుకుంట వంశీగారు? ఆదివారం క్లాసు పెట్టిండ్రు గద.”

“అంటే, ఇంకా నాలుగు రోజులుంది కదండీ. మామూలు వైరల్ ఫీవరే కదా అనుకున్నాం.”

“డెంగీ. నేను చెప్పిన. మీరు ఇనలే.”

“అయ్యో. కానీ కమిటీ అప్రూవ్ చేసేసింది మేడమ్. నెలాఖరు ప్రోగ్రాం ఉంది. క్లాసు క్యాన్సిల్ అని పెడితే కింద మేకప్ డేట్ ఉండాలి, అది రూలు. ఖాళీగా వదిలితే పేరెంట్స్ నన్ను తినేస్తారు.”

“డేట్ కావాల్నంటే నన్ను అడగాలె. జ్వరం నాది. ఆదివారం పొద్దున నా చేవెళ్ల పిల్లలదని మీకు ఎరుకనే.”

“వాళ్లది ఫ్రీ క్లాసే కదండీ. ఒక్క వారం అడ్జస్ట్ చేస్తే…”

నీలవేణి అతని మాట పూర్తి కానివ్వలేదు. “ఆ నోటీసు మార్చుండ్రి. ఇప్పుడే” అంది.

“కమిటీని అడిగి చెప్తా మేడమ్. మీకు మరీ కష్టమైతే సిటీ నుంచి వేరే టీచర్‌ని చూస్తామండీ, ఏం ఫికరు లేదు.”

చివరి మాట అతను ఎంతో మర్యాదగా అన్నాడు. ఆ మర్యాదే ఆమెకు ముల్లులా దిగింది. అయిదేళ్లలో ఒక్క బుధవారం, ఒక్క శనివారం మానలేదు. వర్షంలో వెళ్లింది. శుక్రవారం పెట్టిన అదనపు రిహార్సళ్లకు కూడా, చిలుకూరు గుడికి వెళ్లే కార్లన్నీ రోడ్డు మీదే ఉన్నప్పుడు, ఆటో దిగి రెండు కిలోమీటర్లు నడిచి వెళ్లింది. ఒక్క రోజు పడుకుంటే వేరే టీచరు!

చేవెళ్ల పిల్లలకు క్లాసు లేదని చెప్పడానికి ఆమెకు ఒక్క ఫోను సరిపోయింది. బస్టాండు దగ్గర కుట్టుమిషను పెట్టుకున్న సమతకు చెబితే సాయంత్రానికి ఎనిమిది ఇళ్లకూ తెలిసింది. “నువ్వు మంచిగైనంకనే చెప్పు టీచర్, మేం యాడికి పోతం?” అంది సమత. తేదీ అడగలేదు.

గురువారం సాయంత్రం ఇంటికి పంపిస్తూ డాక్టరు గట్టిగా చెప్పాడు: వారం దాకా గెంతకూడదు, శ్రమ పడకూడదు, శనివారం మళ్లీ రక్తం పరీక్ష చేయించాలి. గ్రూపులో గమనిక అలాగే ఉంది. వంశీ ఫోను ఎత్తడం లేదు. క్లబ్‌హౌస్ బోర్డుకు తన గమనిక తనే రాసి అంటించాలని రాత్రికి నీలవేణి భర్త శశిధర్‌ను చార్టు అడిగింది. దొంతన్‌పల్లి యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసే మనిషి, గొడవంటే ఆమడ దూరం పోతాడు. “ఒక మెయిల్ పెడితే అయిపోతది గద” అని గొణిగాడు గానీ చార్టూ స్కెచ్ పెన్నూ తెచ్చిచ్చాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె చెప్పులేసుకుంటుంటే రుక్మిణమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“యాడికి? మనిషివా దయ్యానివా? నిలవడితే ఊగుతున్నవు.”

“మొయినాబాద్‌కు అత్తమ్మ. నా మాట నేను చెప్పొస్త.”

“ఫోన్ల చెప్పు.”

“ఫోన్ల నా నోరు మూసిండ్రు.”

ముసలావిడ గుమ్మం వదిలి పక్కకు జరిగింది. “ఆగు. నేనూ వస్త. సోయి తప్పి పడితే మోసెటోళ్లు ఉండాలె గద” అని కొంగు బిగించింది.

విల్లాల గేటు దగ్గర ఆటో దిగేసరికి నాలుగున్నర. సెక్యూరిటీ హన్మంతు చిలుకూరువాడు. వారానికి రెండుసార్లు ఆమెకు నమస్తే పెట్టి అడ్డకర్ర లేపేవాడు. ఈ రోజు ఫోన్లో గేటు యాప్ చూసి తల గోక్కున్నాడు.

“మేడమ్, మీ ఎంట్రీ బుధవారం, శనివారమే చూపిస్తున్నది. ఇయ్యాల శుక్రవారం. లోపల్నుంచి ఎవరన్న ఓకే నొక్కాలె.”

“నొక్కుమను.”

హన్మంతు లోపల మేనేజరుకు ఫోన్ చేశాడు. విన్నాడు. పెట్టేశాడు. “సార్ మీటింగ్‌ల ఉన్నరట. రేపు రమ్మన్నరు.”

“రేపు ఎట్ల రావాలె? రేపు నా రక్తం తీస్తరు” అంది నీలవేణి. గేటు ఊచ పట్టుకుంది.

“అరే, అయిదేండ్ల సంది వచ్చే మనిషికి గేటు తెర్వవా?” అని రుక్మిణమ్మ విరుచుకుపడింది.

“నన్నేం చెయ్యమంటవు అవ్వ? నా నౌకరీ పోతది.”

నీలవేణి అడ్డకర్ర వైపు చూసింది. లోపలికి పోయే ప్రతి కారూ అక్కడ ఆగాలి. అద్దం దించాలి. క్లబ్‌హౌస్ బోర్డు చూసేవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఇక్కడ ఆగనివాళ్లు లేరు.

“హన్మంతు, లోపలికి పోను. ఈ గోడకు కాయితం అంటిస్తే నీ నౌకరీ పోతదా?”

అతను అటూ ఇటూ చూశాడు. “గోడ గేటు బయట ఉన్నది గద మేడమ్. బయట సంగతి నాకేం ఎరుక?” అని టేపు తీసిచ్చి, మంచినీళ్లు తాగడానికన్నట్టు క్యాబిన్‌లోకి వెళ్లిపోయాడు.

పెద్ద అక్షరాలతో ఉంది చార్టు. “జూనియర్ బ్యాచ్ తల్లిదండ్రులకు. నాకు డెంగీ. మొన్న బుధవారం క్లాసు జరగలేదు, రేపు శనివారం క్లాసు ఉండదు. వచ్చే బుధ, శనివారాలు కూడా ఉండవు. ఈ ఆదివారం మేకప్ క్లాసు అన్న మాట నాది కాదు, నేను రాను. డాక్టరు ఒప్పుకుంటే పై ఆదివారం ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు మొదటి మేకప్ క్లాసు. చోటు: చేవెళ్లలో మా ఇంటి షెడ్డు. ఆ సమయం చేవెళ్ల పిల్లలది. వాళ్లతో కలిసి కూర్చుని తాళం, హస్తముద్రలు నేర్చుకోవాలి. గజ్జెలు వద్దు. రాలేనివాళ్లు నాకు ఫోన్ చేస్తే నేను కోలుకున్నాక వేరే రోజు చెబుతాను. మార్పు ఏదైనా ఉంటే నేనే చెబుతాను. నీలవేణి.” కింద ఆమె నంబరు, ఇంటి గుర్తు.

మొదట ఆగిన కార్లలోనే ఒకటి సుబ్బలక్ష్మిది. ఆమె కమిటీలో కల్చరల్ సెక్రటరీ, జూనియర్ బ్యాచ్‌లో నేర్చుకునే సహస్ర తల్లి. అద్దం దించి చార్టు మొత్తం చదివింది.

“ఇదేంటండీ నీలవేణిగారూ, రోడ్డు మీద పంచాయితీ? నాకొక ఫోన్ చేస్తే సరిపోయేది కదా!”

“తేదీ పెట్టేటప్పుడు మీరు చేసిండ్రా?”

“మీకు బాగోలేదని డిస్టర్బ్ చేయలేదండీ.”

“పండుకున్న మనిషిని డిస్టర్బ్ చెయ్యరు గని, లేపి ఎగిరిస్తరు.”

సుబ్బలక్ష్మి ముఖం ఎర్రబడింది. “పిల్లల్ని చేవెళ్ల దాకా తీసుకురావాలా? షెడ్డులోకి? కూర్చోబెట్టి చెప్పేది మేకప్ క్లాసెలా అవుతుంది?”

“తాళం రానోళ్లకు కాళ్లెందుకు మేడమ్? మీ సహస్ర మూడో కాలంల, జోరు పెరిగినప్పుడు, అడుగు తప్పుతది. కూసోని నేర్సుకుంటేనే అది పోతది. నేను వారానికి రెండుసార్లు ఇక్కడిదాక వస్తున్న. మీరు ఒక్కసారి రాలేరా?”

వెనక కారు హారన్ కొట్టింది. సుబ్బలక్ష్మి అద్దం ఎక్కించేసింది. రుక్మిణమ్మ ఆ కారు వైపు చూస్తూ, “మా ఇంటి షెడ్డుకేమైందంట?” అని పళ్లు నూరింది. కోడలి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించేటప్పుడు కూడా తిడుతూనే ఉంది. ఎవరినన్నది పేరు పెట్టి చెప్పలేదు.

శనివారం పరీక్షలో ప్లేట్‌లెట్లు లక్షా పదివేలు, పెరిగాయి గానీ ఇంకా తక్కువే. ఆ ఆదివారం పొద్దున నీలవేణి మంచం మీదే ఉంది. క్లబ్‌హౌస్ హాలు తెరిచారట, గజ్జెలతో ముగ్గురు పిల్లలు వచ్చి తిరిగి వెళ్లారట. హన్మంతు ఫోన్ చేసి చెప్పాడు. చార్టును శుక్రవారం రాత్రే చింపేశారని కూడా చెప్పాడు. అప్పటికే చాలామంది ఫోటో తీసుకున్నారట.

మరుసటి ఆదివారానికి డాక్టరు కూర్చుని చెప్పడానికి ఒప్పుకున్నాడు. ఆరున్నరకే చేవెళ్ల పిల్లలు ఎనిమిదిమందీ షెడ్డు ఊడ్చి చాపలు పరిచారు. విల్లాల నుంచి పదకొండు మందిలో నలుగురు వచ్చారు. వాళ్ల తల్లులు గుమ్మం దగ్గర ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డారు. ఏడు కాగానే నీలవేణి తాళం వేసే కర్ర తీసుకుని చెక్క పలక మీద కొట్టింది. త క ధి మి.

ఏడుంబావుకు సుబ్బలక్ష్మి కారు గల్లీలోకి వచ్చింది. సహస్ర దిగింది. తల్లి వెంట వచ్చి, పిల్లలకు వినపడకుండా మెల్లగా అంది, “దారి తప్పామండీ. ఇంకొకటి, మీకు ముందే తెలియాలి. బుధవారం స్లాట్ జుంబా డాన్సు క్లాసుకి ఇచ్చేశారు. శనివారం సిటీ టీచర్ వస్తారు. నేను వద్దనే అన్నాను.”

నీలవేణి చెయ్యి ఆగింది. అయిదేళ్లు. ఆ హాలు అద్దాల్లో తన అడుగులు తనే దిద్దుకున్న అయిదేళ్లు.

“మీరు వద్దంటే ఇన్నరా?”

సుబ్బలక్ష్మి తల అడ్డంగా ఊపింది.

“నాకు గూడ అట్లనే ఇన్నరు” అంది నీలవేణి.

“సరే, సహస్ర కోసం మొదటి నుంచి ఒక్కసారి చెప్తారా? పావుగంటే కదా పోయింది.”

“చెప్ప. వీళ్లు ఏడింటికి వచ్చిండ్రు.”

అనూహ్య ముందు వరుసలోంచి కొంచెం జరిగి చోటిచ్చింది. నీలవేణి కర్రతోనే ఆ పిల్లను ఆపింది.

“నువ్వు జరగకు. సహస్రా, ఎనక కూసో బిడ్డ. మూడో కాలం నడుస్తున్నది. చెయ్యి చాపు.”

కర్ర పలక మీద పడింది, కావలసినదానికంటే గట్టిగా.