జూట్ సంచికి ఐదు పాయింట్లు

ఆ యేడు మా అత్త కుట్టిన జూట్ సంచులు వరసగా మూడు వెనక్కి వచ్చాయి. ఒకటి చిన్నదని, ఒకటి ఉతికితే ముడుచుకుపోయిందని, ఒకటి నూనె వాసన వేస్తోందని. మూడోది ఇంటికి చేరిన రోజే ఆన్‌లైన్ దుకాణం నుంచి మెసేజ్ వచ్చింది. ఇలాగే తిరిగొస్తే ఈ సరుకును పేజీలోంచి తీసేస్తామని. ఇంట్లో ఇంకా నలభై సంచులున్నాయి. నెల్లిమర్లలో జూట్ మిల్లుకు రెండు వీధుల అవతల ఉన్న మా ఇంట్లో, అత్త మధ్యాహ్నాలన్నీ తొక్కుడు మిషన్ మీద కూర్చుని కుట్టినవి. వాటిని ఆన్‌లైన్‌లో పెట్టింది నేను. డిగ్రీ చదివిన కోడలిని కాబట్టి వివరణ రాసిందీ నేనే.

ఆ వివరణ అంటే నాకు చాలా ఇష్టం. చంపావతి నది ఒడ్డుతో మొదలై, నార నానబెట్టడం, మిల్లు సైరన్, మామగారు అందులో చేసిన ఉద్యోగం అన్నీ దాటుకుంటూ ఒక పెద్ద పేరాగా సాగుతుంది. ఏది వదిలేస్తే ఏం ముంచుకొస్తుందో అని భయపడే మనిషిని నేను. బాబును అత్త దగ్గర ఉంచి గంటసేపు బజారుకు వెళ్లినా రెండు పేజీల చీటీ రాసిపెట్టేదాన్ని, అత్తకు చదవడం రాదని తెలిసి కూడా.

మెసేజ్ చూశాక, అంత పేరా ఎవరూ చదవడం లేదనిపించి, వివరణను పాయింట్లుగా మార్చాలని కూర్చున్నాను. ఫుల్‌స్టాప్ ఉన్న ప్రతిచోటా తెంపి, ముందు ఒక చుక్క పెట్టాను. పద్దెనిమిది చుక్కలయ్యాయి. పెద్ద వివరణకు పైన, పాయింట్ల కోసం దుకాణం వాళ్లు ఇచ్చిన గళ్లేమో ఐదే. మొదటి ఐదూ నింపి ఫోన్లో చూస్తే తెర మీద నది ఉంది, నార ఉంది, సైరన్ ఉంది. సంచి కొలత లేదు.

ఏడుపొచ్చినంత పనై, అత్తకు మొత్తం చదివి వినిపించాను. ఆవిడ దారం కొరుకుతూ విన్నది. మామగారి ఉద్యోగం దగ్గరకొచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగు. ఈపాటికి బేరం ఎల్లిపోనాది.”

“ఇంకా సంచి గురించి రాలేదత్తా.”

“అదే సెప్తన్నాను. సంతలో నేనెలా అమ్ముతానో ఎప్పుడైనా సూసావేటి?”

ఒక సంచి అందుకుని లోపలి వైపు బయటికి తిప్పింది. సంతలో ఎవరైనా ఆగితే ఆవిడ చేసే మొదటి పని అదేనట. కుట్టు, అతుకు, లోపల అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర అన్నీ కనబడతాయి.

“ఇప్పుడు నువ్వు కొనేదానివి. అడుగు.”

అడిగాను. ఏం పడుతుంది, ఎంత మోస్తుంది, ఉతకొచ్చా, వాసనేమిటి, పట్టీలు ఊడిపోవా. సరిగ్గా ఐదు ప్రశ్నలు. ఒక్కో గడికి ఒక్కో జవాబు, ముందు రెండు మాటల్లో విషయం, తర్వాత వివరం. “కొలత: పద్నాలుగు అంగుళాల వెడల్పు, పన్నెండు ఎత్తు, అడుగు ఆరు. రెండు కేరేజీలు, ఒక నీళ్ల సీసా పడతాయి.” “ఉతకవద్దు: లోపలి పొర ఊడుతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు.”

బరువు దగ్గర ఆగిపోయాను. పాత పేరాలో ‘ఎంతో బరువు మోస్తుంది’ అని రాసేశాను. ఎంతో అంటే ఎంత? అత్త పది కిలోల బియ్యం తూచి సంచిలో పోసి, బాబు ఉయ్యాల విప్పి ఆ కొక్కేనికి తగిలించింది. ఆ రోజంతా అది అక్కడే వేలాడింది. బాబు నిద్ర నా ఒళ్లోనే. సాయంత్రం దించి కుట్లు చూశాం. ఒక్క పోగు కూడా జారలేదు. ‘పది కిలోలు’ అని ధైర్యంగా రాశాను.

వాసన సంగతి మాత్రం కింద పెద్ద వివరణలోనే ఉంచుదామన్నాను. పైన చూస్తే ఎవరు కొంటారని.

“ఓలమ్మీ, సంచి ఇప్పగానే ముక్కుకి తెలిసిపోతాది కదేటి. ముందే సెప్పీ. సంతలో నేను సెప్పనా?”

చెప్తుంది. సంచిని లోపలి వైపు తిప్పి చూపించే మనిషి వాసన దాచదు. అందుకే రెండో గడిలో పెట్టాను: “కొత్తలో నూనె వాసన: నార మెత్తబడటానికి మిల్లులో నూనె కలుపుతారు. రెండు రోజులు నీడలో గాలికి ఉంచితే పోతుంది.” చంపావతి, సైరన్, మామగారు కింద వివరణలోకి వెళ్లారు. ఒక్క వాక్యం కూడా పారెయ్యలేదు. చదవాలనుకున్నవాళ్లు కిందికి వెళ్లి చదువుకుంటారు.

నలభై సంచులూ వెళ్లిపోయాయి. ఈసారి ఒక్కటీ తిరిగి రాలేదు. కొన్నవాళ్లలో ఒకావిడ పేజీలో రాసింది, చెప్పినట్టే వాసన పోయింది, ఒక్క రోజులోనే అని. అత్తకు సంబరంగా చదివి వినిపించాను.

ఆవిడ మిషన్ ఆపింది.

“ఒక్క రోజులోనా? ఎండలో పెట్టీసుంటాది. ఎండలో పెడితే రంగు పోతాదని రాయనేదేటి నువ్వు?”

ఫోన్ తీసి రెండో గడి తెరిచాను. ‘నీడలో’ తర్వాత ‘మాత్రమే’ చేర్చాను.