అద్దంలో చెవి

పోచంపల్లిలో మగ్గాల నడుమ పెరిగిన బాలస్వామి నల్లగొండ వచ్చి, కిరాయి ఇంటి ముందుగదిలో ఫొటో స్టూడియో పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో ఫొటో లేకుండానే కన్నుమూసేవాళ్లు ఎక్కువ. ఏ పెళ్లి గుంపులోనో చచ్చిపోయినవాడి ముఖం చిన్నగా కనిపిస్తే చాలు, బాలస్వామి దాన్ని పెద్దది చేసి, మరొకరి ఒంటి మీద అతికించి, నిండు మనిషిని చేసి ఇచ్చేవాడు. “బాలస్వామి తాన సచ్చినోడు గూడ కోటు తొడుగుతడు” అని బజారులో నవ్వుకునేవాళ్లు.

పందొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం ఎండల్లో గుర్వమ్మ వచ్చింది. పక్క ఊళ్లో గొర్లు కాసుకునే మనిషి. ఒక్కతే బిడ్డ గోపమ్మ వాంతులు, బేదులతో పోయి నెల కాలేదు. కొంగులోంచి బడిపిల్లల ఫొటో తీసి, గింజంత ముఖం మీద వేలు పెట్టింది.

“అంగడికొచ్చినప్పుడల్లా నీ అద్దాల పెట్టె కాడ నిలవడేది సారూ. పూలజడ పిల్లను సూసి, నాకు గూడ గట్ల తీపియ్యే అవ్వా అనేది. కోతలైనంక తీపిద్దామంటి.”

స్టూడియో ముందు అద్దాల పెట్టెలో ఉన్న ఆ పూలజడ ఫొటో బజారులో అందరికీ తెలిసిందే. అమ్మాయి మన వైపు చూస్తుంటుంది. వెనకనున్న నిలువుటద్దంలో జడంతా కనిపిస్తుంది.

బాలస్వామి గోపమ్మ ముఖాన్ని సరిపోయే కొలతకు పెంచి అచ్చు వేశాడు. బ్లేడుతో అంచు కోసి, కాగితం వెనకవైపు గరుకు కాగితంతో పలచగా రుద్ది, పూలజడ ఫొటో మీద అతికించాడు. అతుకు కనపడకుండా కుంచెతో రంగు అద్ది, దాన్ని మళ్లీ ఫొటో తీశాడు. తనకే ముచ్చటేసింది.

అంగడి రోజు గుర్వమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. ముఖం నిమిరింది. అంతలోనే వేలు ఆగింది.

“ముందట నా బిడ్డే. ఎనుక ఎవలు సారూ?”

బాలస్వామి చూశాడు. గోపమ్మ చెవులు బయటికి విచ్చుకుని, బోసిగా ఉన్నాయి. అద్దంలో మాత్రం తలకు అంటుకుపోయిన చెవి, దానికి జుంకీ. ముఖం మీదే ధ్యాస పెట్టి, అద్దంలో పాత అమ్మాయిని అలాగే వదిలేశాడు.

“ఇది ఇంట్ల పెట్టుకుంటే, నా బిడ్డ ఎనుక ఎవలదో పిల్ల నిలవడ్డట్టే ఉంటది” అంది గుర్వమ్మ.

చెవిని ఉత్తినే గీస్తే తేలిపోతుంది. బడి ఫొటోను తిరగేసి అచ్చు వేసినా ఎడమ కుడి అవుతుందే తప్ప, ముందువైపు వెనకవైపు కాదు. గోపమ్మ చెవి వెనక భాగాన్ని ఏ కెమెరా చూడలేదు. ఆ ఈడు పిల్లనెవరినైనా వెనక నుంచి తీయాలి. లోపల సొంత కూతురు ఆండాళు అచ్చనగాయలు ఆడుకుంటోంది.

“బిడ్డా, ఇటు రా” అని పిలిచాడు.

భార్య లీలమ్మ పరుగున వచ్చి పిల్ల రెక్క పట్టుకుంది. “మతుండే మాట్లాడుతున్నవా? సచ్చిన పోరి అద్దంల మన పిల్లను నిలవెడతవా?”

“ఉత్త చెవే గదనే!”

“నీ సదువు నీ తాననే పెట్టుకో. నా పిల్ల జోలికి రాకు!”

బాలస్వామి లెన్సులూ ఫొటోలు కడిగే మందులూ తెలిసిన మనిషి. అయినా ఆండాళుకు మొన్న కాసిన జ్వరం గుర్తొచ్చి, పిల్లను మళ్లీ పిలవలేదు.

“వద్దు సారూ.” గుర్వమ్మ లేచి నిలబడింది. “బతికున్న పిల్లను నా బిడ్డ ఎనుక పెట్టకు. నాయి తీస్కో. ఊర్ల మమ్ములను చాటచెవుల తల్లీబిడ్డలని ఎక్కిరిస్తుండిరి.”

తల మీది కొంగు తీసి చూపింది. అవే చెవులు.

ఆమెను గోడవైపు తిప్పి, కిటికీ వెలుగు కుడి చెవి మీద పడేలా కూర్చోబెట్టి వెనక నుంచి తీశాడు. అచ్చు వేసేటప్పుడు నెగెటివును తిరగేశాడు. అలా చేయకపోతే కుడి చెవి అద్దంలో అవతలి పక్కకు పోతుంది. అద్దంలో మనిషి ఇంకా దూరంగా ఉన్నట్టుండాలి గనుక ముందున్న ముఖం కన్నా చిన్నగా, కాస్త మసకగా అచ్చు వేశాడు. చెవీ మెడా కోసి, పాత జడకు కలిపాడు. చెవి తమ్మెలో సాగిన రంధ్రాన్ని కుంచెతో పూడ్చాడు. మెడ మీది ముడతలను ఎంత దిద్దినా పూర్తిగా పోలేదు.

మరుసటి అంగడికి వచ్చిన గుర్వమ్మ అద్దంవైపే చాలాసేపు చూసింది.

“ఎనుకకెళ్లి సూస్తే పెద్దమనిషైనట్టుంది నా బిడ్డ” అంది. ఫొటోను కొంగులో చుట్టుకుని, ఏడవకుండానే వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం బాలస్వామి ఆండాళును కెమెరా ముందు నిలబెట్టాడు. ముందు నుంచి తీశాడు. కుడిపక్క, ఎడమపక్క తీశాడు. తర్వాత గోడవైపు తిరగమన్నాడు.

“ఎనుకది ఎందుకు నాయినా?” అంది పిల్ల.

లీలమ్మ గడపలో నిలబడే ఉంది. ఈసారి ఆమె అడ్డం రాలేదు. దగ్గరికొచ్చి, పిల్ల చెవి మీద పడ్డ వెంట్రుకలు పక్కకు తీసింది.