వైవాకు ముందిచ్చిన గడియారం

మా చెల్లెలు బడిలో పాఠాలు చెప్పుకుంటూ, ఇంటి చాకిరీ చేసుకుంటూ ఏళ్ల తరబడి పరిశోధన చేసింది. దాని చేత అంత పనీ చేయించింది గైడు మేడమ్. రిటైరవబోతున్న ఆవిడకు ఇదే ఆఖరి విద్యార్థిని. రాసిన ప్రతి అధ్యాయాన్నీ ఆవిడ చీల్చి చెండాడేది. ఇది ఇంటికొచ్చి ఏడ్చి, ముక్కు తుడుచుకుని మళ్లీ రాసేది.

థీసిస్ సమర్పించిన రోజు దాని మొగుడు, అంటే మా మరిది, ఎగిరి గంతేశాడు. అతనిది బట్టల దుకాణం. పని పూర్తయ్యాక చేసిపెట్టినవాళ్ల చేతిలో ఏదో ఒకటి పెట్టకపోతే అతనికి నిద్రపట్టదు. మనసు వెన్న; బుర్రే సమయానికి పనిచేసి చావదు. సమర్పించడమంటే అయిపోవడమేననుకున్నాడు. బయటి పరీక్షకులు చదివి నివేదికలు పంపాలి, ఆపైన వైవా జరగాలి, అందులో గైడు కూడా కూర్చుని సంతకం పెట్టాలి. ఇవేవీ అతనికి తెలియవు, అడగనూ లేదు. పెళ్లానికి చెప్పకుండా బంగారు గడియారం కొని, మేడమ్ ఇంట్లో లేని వేళ వాళ్లమ్మగారి చేతిలో పెట్టి వచ్చాడు.

ఆ డిపార్టుమెంటులో దీనికొక పద్ధతుంది. ఫలితం వచ్చేదాకా గైడుకు కాఫీ కూడా ఇప్పించరు. వచ్చాక బైండు చేసిన థీసిస్ ప్రతి ఒకటి, లోపల సొంత దస్తూరీతో నాలుగు మాటలు. అంతటితో మనసాగకపోతే అందరూ కలిసి ఓ పుస్తకమో, పెన్నో. అంతకు మించితే మేడమ్ గుమ్మంలోంచే వెనక్కి పంపేసేది.

మర్నాడే ఆవిడ గడియారం తిప్పి పంపి, జరిగింది హెడ్డుకు రాసిచ్చింది. చెల్లెలు పరుగెత్తుకెళ్లి కాళ్లావేళ్లా పడింది.

"నీకు తెలీదని నాకు తెలుసమ్మా. కానీ ఇది దాచి నేను వైవాలో కూర్చుంటే, రేపు నీ డిగ్రీ కొనుక్కున్నావంటారు. నేను తప్పుకుంటేనే అది నీదవుతుంది" అంది మేడమ్.

అన్నట్టే తప్పుకుంది. కొత్త గైడు వచ్చాడు. ఆయన థీసిస్ తిరగేసిన పాపాన పోలేదు. వైవా మాత్రం బాగా జరిగింది, పరీక్షకులు మెచ్చుకున్నారు. ఆ రోజు మరిది దుకాణం తెరవలేదు. దులిపేద్దామని వెళ్లాను గానీ, అన్నం ముట్టకుండా మూల కూర్చున్న మనిషిని చూసి, కంచంలో అన్నం పెట్టిచ్చి వచ్చేశాను.

డిగ్రీ వచ్చాక బైండు ప్రతి పట్టుకుని అక్కాచెల్లెళ్లం మేడమ్ ఇంటికి వెళ్లాం. నిబంధన ప్రకారం అట్ట మీద గైడుగా ఆ కొత్తాయన పేరే ఉంది. మేడమ్ కళ్లజోడు పెట్టుకుని ఆ పేరు చదివింది. లోపల చెల్లెలు రాసిన నాలుగు మాటలూ చదివింది. చాలాసేపు పేజీ తిప్పలేదు.

చివరికి పుస్తకం మూసి చెల్లెలి చేతిలో పెట్టింది.

"ఇది గైడుకివ్వాల్సిన ప్రతమ్మా. ఆయనకిచ్చి రా" అంది.