రెండు మిల్లీమీటర్ల మొనగాడు

ఆయనకు సొంత పేరు ఒకటి ఉందన్న సంగతి కరెంటు బిల్లు తెచ్చే మనిషికి తప్ప ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన మిల్లీమీటరు. వీడియో ఆటలు ఆడే గేమ్‌ప్యాడ్లు బాగుచేయడం ఆయన పని. బావమరిది నడిపే గేమింగ్ సెంటరును ఆనుకుని ఉన్న ఇరుకు గదిలో, భూతద్దం బిగించిన దీపం కింద తలవంచుకుని కూర్చుంటాడు. ఏ వస్తువైనా ఒక్క మిల్లీమీటరు ఎక్కువ కదిలిందంటే ఆయనకు అన్నం సహించదు.

ఆయన పేరు మోగిపోయింది ట్రిగ్గర్ స్టాపుల వల్ల. ప్యాడ్ వెనక చూపుడువేళ్ల కింద రెండు మీటలుంటాయి, వాటినే ట్రిగ్గర్లంటారు. తుపాకి ఆటలో కుడిది నొక్కితే గుండు పేలుతుంది. మీట అడుగుదాకా వెళ్లాలంటే ఏడు మిల్లీమీటర్లు దిగాలి. గుండు మాత్రం రెండు దాటకముందే పేలిపోతుంది. మిగతాదంతా వేలికి దండగ ప్రయాణం. అందుకని ఆయన మీట దారిలో చిన్న ప్లాస్టిక్ ముక్క అడ్డంగా అంటిస్తాడు, అదే స్టాపు. వేలు కొంచెం దిగి ఠక్కున ఆగుతుంది, అంతే త్వరగా పైకొస్తుంది, మళ్లీ పేలుస్తుంది. కుర్రకారు ఎగబడ్డారు. గురి కుదరనివాళ్లకు గురి అప్పుడూ కుదరలేదు. కాకపోతే మునుపటి కంటే వేగంగా గురి తప్పడం నేర్చుకున్నారు.

దాంతో పొగడ్త ఆయన నెత్తికెక్కింది. ఇంట్లో సొరుగులు సగమే తెరుచుకునేలా చేశాడు. భార్య దర్జీ. ఆమె కుట్టుమిషను కాలిపెడల్ కింద చెక్కముక్క పెట్టాడు, కాలు ఊరికే అంత లోతుకు ఎందుకు దిగాలని. మిషను నత్తనడక నడిచింది. అప్పుడు పెడల్ విప్పి, ఆ కాస్త కదలికకే పూర్తి వేగం అందేలా లోపల ఏదో సర్దాడు. ఈసారి కాలు ఆనిందో లేదో సూది పరుగు లంకించుకుంది. కాలరు మూల తిప్పేలోపే కుట్టు భుజం దాకా పోయింది. ఆమె చెక్కముక్కను పొయ్యి పక్కన పడేసి, పెడల్‌ను వేరే మెకానిక్‌కు ఇచ్చి బాగుచేయించుకుంది. ఆమె వేరే మెకానిక్ దగ్గరికి వెళ్లిందన్న బాధ ఆయనను వారం రోజులు పీడించింది కానీ, అందులోని పాఠం మాత్రం తలకెక్కలేదు.

వాళ్లకు ఒక్కగానొక్క కూతురు. ఆమెకు తుపాకులంటే గిట్టదు, కార్ల పందేలంటే ప్రాణం. ఊళ్లో పోటీలకు వెళ్లే రేసింగ్ ఆటల జట్టులో ఒక్క ఖాళీ పడింది. ఆదివారం మధ్యాహ్నం మేనమామ సెంటరులోనే ఎంపిక. రెండు చుట్లు ప్రాక్టీసు, మూడోది లెక్కలోకి వస్తుంది. తొంభై రెండు సెకన్లలోపు పూర్తిచేయాలి. ఇంట్లో పదిసార్లు తిప్పితే ఆరుసార్లు ఆమె ఆ లోపే వచ్చేది. ఈసారి తప్పితే మళ్లీ ఏడాది దాకా చోటు లేదు.

"నాన్నా, నా ప్యాడ్ జోలికి మాత్రం రాకు," అని ముందే చెప్పింది.

ఊరందరి వేళ్లకూ వేగం పంచి సొంత కూతురి వేళ్లను గాలికొదిలేస్తే లోకం ఏమనుకుంటుందని ఆయన బాధ. ఆదివారం పొద్దున ఆమె స్నానానికి వెళ్లగానే ప్యాడ్ విప్పాడు. రెండు ట్రిగ్గర్లకూ స్టాపులు అంటించాడు. తుపాకి ఆట పెట్టి పరీక్షించాడు. ఠపాఠపా పేలింది. ఏనుగెక్కినంత సంబరపడి ప్యాడ్‌ను ఆమె సంచిలో పెట్టేశాడు.

జట్టు కెప్టెన్ కాస్త పెద్ద వయసు ఆవిడ. ఆటే సెకనులో వెయ్యోవంతు దాకా లెక్కపెడుతుందని తెలిసినా మెడలో స్టాప్‌వాచీ వేసుకుని వచ్చింది. కూతురు ప్యాడ్ అందుకుని వేళ్లు ఆనించింది. మెల్లగా తల తిప్పి తండ్రిని చూసింది. ఆయన గర్వంగా తలాడించాడు.

మొదటి చుట్టు మొదలైంది. కార్ల ఆటలో కుడి మీట గ్యాసు, అంటే యాక్సిలరేటరు; ఎడమది బ్రేకు. తెర మూలన గ్యాసు ఎంత పడుతోందో చూపించే గీత మూడోవంతు దగ్గరే ఆగిపోయింది. ఎంత నొక్కినా కారు పెరట్లో షికారుకు వెళ్లినట్టు కదిలింది.

"బావా, కారేమైనా చెడిందా?" అన్నాడు బావమరిది.

మిల్లీమీటరుకు వెంటనే తట్టింది. తుపాకికి కావలసింది పేలిందా లేదా అన్న ఒక్క ముక్కే. కారుకు మీట ఎంత దిగిందన్న కొలత కావాలి. స్టాపు దగ్గర మీట ఆగితే కొలత కూడా అక్కడే ఆగుతుంది. ఆ మాట పైకి ఒప్పుకుంటే పరువేం కాను? "ఇది చిటికెలో పని," అంటూ కంప్యూటరు ముందుకు దూరాడు. ప్యాడ్ సెట్టింగుల్లోకి వెళ్లి, ఆ పొట్టి నొక్కుడే నూటికి నూరు అని ఆటను నమ్మించాడు.

రెండో చుట్టులో గీత పైదాకా లేచింది. కారు దూసుకెళ్లింది. మలుపు దగ్గర సగం గ్యాసు ఇద్దామంటే ఆ సగం ఎక్కడుందో వేలికి దొరకలేదు. వెంట్రుకవాసి కదిలితే మొత్తం గ్యాసు. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. ఎడమ మీట మీద వేలు పడగానే బ్రేకు బిగుసుకుపోయి చక్రాలు ఆగిపోయాయి. కారు జారుకుంటూ గోడకు గుద్దుకుంది. ఎవరో నవ్వారు. కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి.

కెప్టెన్ వాచీ చూసుకుంది. "ఇంకొకటే ఉందమ్మా. ఐదు నిమిషాలు ఆగుతాను."

వెనక బెంచీ మీద భార్య అప్పటిదాకా ఒక చొక్కాకు గుండీలు కుడుతోంది. సూది గుచ్చి పక్కన పెట్టింది.

"ఏవండీ, నా కాలరు గుర్తుందా?"

"దానికీ దీనికీ..."

"రెండూ ఒకటే. నేను మూల తిప్పాలంటే కాలు కొంచెం కొంచెంగా దిగాలి. దానికి చోటు కావాలి. నా చోటు మీరు తీసేశారు. ఇప్పుడు పిల్ల చోటు కూడా."

ఇరవై ఏళ్లు మీటలు కొలిచిన మనిషికి, మీట ఎందుకు దిగుతుందో పెడల్ తొక్కే మనిషి చెప్పాల్సి వచ్చింది. ఆయన కూతురి చేతిలోని ప్యాడ్ అందుకున్నాడు. స్క్రూడ్రైవరు తీశాడు. అంతమంది ముందు మూత విప్పి, తన చేత్తో అంటించిన ముక్కలను తన చేత్తోనే ఊడబీకాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. మూత బిగించి ప్యాడ్ చాచాడు.

"అయిపోలేదు నాన్నా," అంది కూతురు. "సెట్టింగులు మార్చకపోతే అది ఇంకా రెండు మిల్లీమీటర్లనే పూర్తి అనుకుంటుంది."

ఆయన పక్కకు జరిగాడు. ఆమె సెట్టింగుల్లోకి వెళ్లి, రెండు మీటలనూ అడుగుదాకా నొక్కి, వదిలి, కొలత మళ్లీ నేర్పింది. ఆయన చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

మూడో చుట్టులో ఆయన తెరను చూడలేదు, ఆమె వేలినే చూశాడు. మలుపులో వేలు సగం దాకా దిగి, అక్కడే ఆగి, రవ్వంత లేచి, మళ్లీ మెల్లగా దిగింది. తాను దండగని కొట్టిపారేసిన చోటంతా ఆ వేలు తిరుగుతోంది. ఇంత అందమైన పని తన బల్ల మీద ఎన్నడూ జరగలేదని ఆయనకు అనిపించింది.

తొంభై ఒకటి పాయింటు ఎనిమిది.

కెప్టెన్ కూతురితో చెయ్యి కలిపి, ప్యాడ్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ట్రిగ్గర్ భలే కుదిరిందే. ఎవరు సరిచేశారు?"

గదిలో అందరూ ఆయన వైపే చూశారు. కూతురు కూడా చూసింది. అప్పటికే ఇద్దరు కుర్రాళ్లు తమ ప్యాడ్లు పట్టుకుని, ఈ కొత్త పద్ధతేదో తమకూ కావాలని ముందుకు తోసుకొస్తున్నారు. ఊఁ అంటే చాలు, ఆయన పేరు ఇంకో వీధిదాకా మోగిపోతుంది.

ఆయన పిడికిలి విప్పాడు. అరచేతిలో రెండు ప్లాస్టిక్ ముక్కలున్నాయి.

"పాడుచేసింది నేనండీ," అన్నాడు. "అది మొదటినుంచీ సరిగ్గానే ఉంది."