పూలక్కకు ఇచ్చిన పెద్ద హోదా

ఇంటర్‌తో చదువు ఆపేసి, మూడు నెలలు వెబ్‌సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ నేర్చుకుని, మొయినాబాద్‌లో ఒక కంప్యూటర్ షాపులో చేరాను. కింద జిరాక్స్, పైన వెబ్‌సైట్లు. నగరంలోని ఐటీ ఆఫీసులు మా వైపు జరిగే కొద్దీ ఫంక్షన్ హాళ్లు, ఫామ్‌హౌసులు, ప్లాట్ల వెంచర్లు పుట్టుకొచ్చాయి. అందరికీ సైటు కావాలి, అందరికీ రేపటికే కావాలి. అప్పటి అలసట ఇప్పటికీ నా మెడలో ఉంది.

చేవెళ్ల దగ్గర ప్లాస్టిక్ కప్పు వేసిన పాలీహౌసుల్లో జర్బేరా, గులాబీ పండించే ఒక అక్క ఉండేది. పూలన్నీ మార్కెట్ దళారికే పోసి విసిగిపోయి, పెళ్లి డెకరేషన్ వాళ్లకు తానే అమ్ముదామని సైటు చేయించుకుంది. ఏ రంగు ఎన్ని కట్టలున్నాయో రోజూ పొద్దున్నే అందులో పెట్టాలి. వాళ్లు అది చూసే ఫోన్ చేస్తారు. ముహూర్తాలు మొదలవడానికి మూడు వారాలే ఉన్నాయి. ఈ సీజన్ కుదరకపోతే మళ్లీ దళారి దగ్గరికే పోతానని ముందే చెప్పింది.

నాకు వచ్చింది వర్డ్‌ప్రెస్ కాబట్టి అదే పెట్టాను. అందులో ఒక్కొక్కరికి ఒక్కో హోదా ఇవ్వొచ్చు. ఎడిటర్ హోదా ఇస్తే రాతలు, ఫొటోలు మార్చుకోవడం వరకే. అడ్మిన్ హోదా ఇస్తే సైటు మొత్తం చేతిలో ఉంటుంది. అక్కకు ఎడిటర్ చాలు. కానీ వయసులో పెద్దది, సైటుకు యజమాని. మా దగ్గర పెళ్లిలో పెద్దమనిషిని వెనక బల్ల మీద కూర్చోబెడితే ఎలా ఉంటుందో, ఆమెకు చిన్న హోదా ఇవ్వడం నాకు అలా అనిపించింది. అడ్మిన్ ఇచ్చేశాను.

పది రోజులు బాగానే నడిచింది. ఒక ఉదయం ఫోన్ వచ్చింది. సైటు తెరిస్తే పూలు లేవు, తెల్లటి పేజీ మీద ఇంగ్లీషులో ఏదో పొరపాటు జరిగిందన్న ఒక్క వాక్యం మాత్రం ఉందట. బస్సెక్కి చేవెళ్ల పోయాను. బస్సులో కూర్చునే చోటు లేదు.

"ఏం నొక్కినవక్కా?"

"పక్కన ఎర్రగ గుండ్రం, అండ్ల తొమ్మిది అని ఉండె. నేను సూడని మెసేజ్‌లనుకున్న. అన్నీ సూద్దామని నొక్కిన."

అవి మెసేజ్‌లు కాదు, కొత్తగా వచ్చిన అప్‌డేట్లు. ఫారం కోసం, ఫొటోల కోసం నేను తగిలించిన చిన్న ప్రోగ్రాములు, ప్లగిన్లు, తొమ్మిదీ ఒకేసారి మారిపోయి, అందులో ఒకటి మిగతావాటితో పొసగలేదు. ఎడిటర్ హోదా ఇచ్చి ఉంటే ఆ గుండ్రం ఆమెకు కనిపించేదే కాదు. సైటు ఫైళ్లు ఉండే హోస్టింగ్‌లోకి పోయి ఆ ప్లగిన్ ఫోల్డరు పేరు మార్చాను. పేరు మారితే అది పనిచేయడం ఆపేస్తుంది. సైటు లేచింది. తప్పు నాదేనని చెప్పి, హోదా తగ్గిస్తే చాలన్నాను.

అక్క ఒప్పుకోలేదు.

"మరి గా గుండ్రం వస్తే ఎవలు సూస్తరు?"

"నేనే వస్తక్కా."

"నువ్వొచ్చేదాంక నా పూలు ఆగుతయా? మొక్క నాటితె పూయాలె నాకు. వేర్లు దీసి సూసుడు నేర్సుకొమ్మంటవేంది పిల్లా?"

తిరిగొచ్చి షాపు నడిపే అన్నకు చెబితే ఆయన నవ్వాడు. అప్పటికే నా ఇంకో పని తలకిందులై ఉంది. షాబాద్ వైపు ప్లాట్లు అమ్మే సేఠ్‌కు, తొందరపెట్టాడని, నేను ఫొటోలు, రాతలు వేలితో జరిపి పేర్చుకునే డ్రాగ్ అండ్ డ్రాప్ బిల్డర్‌లో ఒక్క పూటలో సైటు లాగి పడేశాను. ఆయన వెంచర్లు పెరిగాయి. ఊరిని బట్టి, గజాలను బట్టి వెతికే ఏర్పాటు కావాలన్నాడు. బిల్డర్ కంపెనీ దగ్గర మేం తీసుకున్న చిన్న ప్లాన్‌లో అది లేదు. పేజీలను ఉన్నదున్నట్టు మూటగట్టి తెచ్చుకునే దారీ లేదు. వారం నుంచి ఒక్కొక్క ప్లాటూ కాపీ చేసి వర్డ్‌ప్రెస్‌లో పెడుతున్నాను. సేఠ్ దగ్గర ఆఫీసులో మనిషున్నాడు, అప్‌డేట్లు అతను చూసుకుంటాడు.

"ఇద్దరి చెప్పులు తారుమారు జేసినవ్ గదనే," అన్నాడు అన్న. "ఏది మంచిదని గాదు, ఎవలి కాలు ఎంతనో సూడాలె."

ఆ శుక్రవారం అక్క సైటును బిల్డర్‌లో మళ్లీ కట్టాను. ఒకే పేజీ. ప్లగిన్లు లేవు, అప్‌డేట్లు కంపెనీ వాళ్లే చూసుకుంటారు. ఏడాదేడాదీ చందా కట్టాలి, కంపెనీ ఇచ్చినంతలోనే ఉండాలి, రేపు వ్యాపారం పెద్దదైతే మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. అన్నీ చెప్పాను. ఇరవై పాలీహౌసులు అయినప్పుడు చూద్దాంలే అంది. నా ముందే ఫొటోను వేలితో పట్టుకుని జరిపి చూసుకుంది.

మొదటి ముహూర్తం రోజు షాపులో కూర్చుని ఆమె పేజీ తెరిచాను. తెల్ల జర్బేరా ఫొటో ఒక పక్కకు ఒరిగింది, ఎన్ని కట్టలో చెప్పే అక్షరాలు పూల మీదికి ఎక్కాయి. సరిచేయడం నాకు రెండు నిమిషాల పని. అప్పుడే అక్క ఫోన్ చేసి, ఆ తెల్లవి పొద్దున్నే అయిపోయాయని, వాటిని పేజీలోంచి తీసేయబోతున్నానని చెప్పింది. నేను రావాలా అని అడిగితే అవసరం లేదంది. నేను మళ్లీ సేఠ్ ప్లాట్ల దగ్గరికి పోయాను. ఇంకా చాలా మిగిలి ఉన్నాయి.