రెండు ఉద్యోగాలు, ఐదు చీటీలు

ఒకే వారంలో నాకు రెండు ఉద్యోగాలు వచ్చాయని శుక్రవారం ఆడవాళ్ళ కూటంలో ప్రార్థన మనవిగా చెప్పాను. అక్కడే తప్పు చేశాను. మనవి చేసుకునేది దేవుడికే గాని, మా చర్చిలో దేవుడికంటే ముందు చాపమీద కూర్చున్నవాళ్ళు తీర్పు చెప్పేస్తారు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి పన్నెండు మందిలో పది మంది నన్ను కడియం నర్సరీలో చేర్పించేశారు. పదకొండో ఆవిడ మా అమ్మ. ఆవిడ అప్పటికే స్తోత్రం చెప్పేసుకుంది.

వాళ్ళని తప్పు పట్టలేను. కడియంలో నాకు ఉద్యోగం ఇస్తానన్నది మా అమ్మ ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న నర్సరీ ఓనరుగారు. అమ్మ అక్కడ సంచుల్లో మట్టి నింపడంతో మొదలుపెట్టి, అంటు మొక్కలు చూసుకునే పనికి వచ్చింది. నేను హార్టికల్చర్ డిప్లొమా చదివేటప్పుడు హాస్టలుకి వెళ్ళే రోజున అమ్మకి అడగకుండానే సెలవిచ్చిన మనిషి ఆయన. నేను మూడేళ్ళు సూపర్‌వైజర్‌గా చేసిన వేరే నర్సరీ స్థలాన్ని ఇళ్ళ ప్లాట్లు చేసి అమ్మేశాక, ఆయనే కబురు పెట్టి, "అంట్ల విభాగం మేనేజరుగా వచ్చెయ్యమ్మా" అన్నారు. ఇంటి నుంచి సైకిల్ మీద పది నిమిషాలు. మంచి జీతం.

రెండోది సామర్లకోట దగ్గర ఒక టిష్యూ కల్చర్ ల్యాబ్. సీసాల్లో అరటి పిలకలు పెంచి రైతులకిచ్చే చోటు. జీతం తక్కువ, మొదటి ఏడాది ట్రైనీ అంటారు, రోజూ పాసింజరు బండిలో పోయి రావాలి. ఎవరు చూసినా ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. మరి నాకు నిద్ర ఎందుకు పట్టడం లేదో నాకే అర్థం కాలేదు. అందుకని అందరి మీదా కసురుకుంటూ తిరిగాను.

కూటంలో ఏమీ మాట్లాడనిది ఒక్క టీచరుగారే. హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై, ఇప్పుడు పదో తరగతి, ఇంటరు అయినవాళ్ళని కూర్చోబెట్టి ఏం చదవాలో, ఎటు పోవాలో తేల్చుకోవడానికి సాయం చేస్తుంటారు. కూటానికి వచ్చేవాళ్ళలో ఆవిడ ఒక్కరినే చాప మీద కాక కుర్చీలో కూర్చోమంటారు, మోకాళ్ళ నొప్పుల వల్ల. చెప్పులు వేసుకుంటుంటే నన్ను పిలిచి, "రేపు మధ్యాహ్నం ఇంటికి రా. పెన్ను తెచ్చుకో" అన్నారు.

వెళ్ళేసరికి అరుగు మీద పాత శుభలేఖల అట్టలు చిన్న చీటీలుగా కత్తిరించి పెట్టి ఉన్నాయి. వెనక తెల్లటి వైపు ఒక్కో మాట. గౌరవం, భద్రత, స్వేచ్ఛ, సేవ, నేర్చుకోవడం, కుటుంబం, డబ్బు, నిజాయితీ, వినయం... ముప్పై పైనే ఉంటాయి. "నీకు ముఖ్యమైనవి పది తీసి, అందులోంచి ఐదు మిగుల్చు" అన్నారు. నేను చకచకా తీసేశాను. విశ్వాసం, కుటుంబం, సేవ, కృతజ్ఞత, వినయం. వరసగా పేర్చి, ఫస్టు మార్కు వచ్చిన పిల్లలాగా ఆవిడ మొహంలోకి చూశాను.

టీచరుగారు పగలబడి నవ్వారు. "ఇది సాక్ష్యమే అమ్మాయ్. ఆదివారం చర్చి మైకులో చెప్పు, బాగుంటుంది."

నాకు రోషం వచ్చింది. "అబద్ధం కాదు కదండీ" అన్నాను.

"అబద్ధమని ఎవరన్నారు? నువ్వు ఎలా ఉండాలని అందరం అనుకుంటున్నామో అది పేర్చావు. నువ్వు ఎలా ఉన్నావో అది కావాలి నాకు. చీటీలు పక్కన పెట్టు. ఈ మూడేళ్ళలో సంతోషంగా ఇంటికొచ్చిన రోజులు మూడు చెప్పు. మండిపోతూ వచ్చిన రోజులు మూడు చెప్పు."

సంతోషంగా వచ్చిన రోజులు తడుముకోకుండా చెప్పాను. గులాబీకి కొత్త రకం అంటు నేనే నేర్చుకుని పట్టించిన రోజు. కలెక్టరాఫీసు తోటపని వాళ్ళు నన్ను 'మేడమ్' అని పిలిచిన రోజు. అది చెప్పాలంటే కొంచెం సిగ్గేసింది. ఇంకోటి, పనిలో ఏ విశేషమూ లేకపోయినా అమ్మా నేనూ వెలుతురుండగానే అన్నాలు తిన్న ఒక మామూలు సాయంత్రం.

కోపం వచ్చిన రోజులంటే మూడు అక్కర్లేదు, ఒక్కటే ఉంది. నేను పనిచేసిన నర్సరీలో మామిడి అంట్ల లోడు వెళ్తోంది. కొన్ని మొక్కలకి పైన కట్టిన బంగినపల్లి కొమ్మ పట్టకుండా ఎండిపోయింది, కింద టెంక నుంచి మొలిచిన నాటు మొక్క మాత్రం చిగురేసింది. పైకి చూస్తే పచ్చగానే ఉంటాయి. బంగినపల్లి అని రాసిన ట్యాగులు వాటికీ కట్టి ఎక్కించేశారు. వద్దన్నాను. సంఖ్య తక్కువైతే కొనేవాళ్ళు ఒప్పుకోరని నా మాట తీసేశారు. నాలుగైదేళ్ళు నీళ్ళు పోసి పెంచాక గాని, అది ఏదో పుల్లకాయ చెట్టని కొన్న రైతుకి తెలియదు. నేను మూడు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

"ఇప్పుడు రాసుకో. ఆ పెద్ద పెద్ద మాటలొద్దు, నీ మాటల్లో" అన్నారు ఆవిడ.

ఖాళీ చీటీల మీద రాశాను. ట్యాగు మీద ఏముందో మొక్క అదే అవ్వాలి. కొత్త పని నేర్చుకోవాలి. సాయంత్రం అమ్మతో అన్నం తినాలి. నలుగురిలో మేడమ్ అనిపించుకోవాలి. నాలుగోది రాసి చించబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "ఉంచు. జీతం కూడా రాయి. రాయకపోతే అవి లేకుండా పోతాయా? చాటుగా కూర్చుని నీ చేత నిర్ణయం చేయిస్తాయి."

తర్వాత రెండేసి చీటీలు నా ముందు పెట్టి, "ఇందులో ఒకటే దొరుకుతుందంటే ఏది వదులుతావ్?" అని అడుగుతూ పోయారు. మేడమ్ చీటీ తొందరగానే ఓడిపోయింది. జీతం దాని తర్వాత. అన్నం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ట్యాగు చీటీ మాత్రం దేని పక్కన పెట్టినా కదల్లేదు. నేర్చుకోవడం రెండోది, అన్నం మూడోది అయ్యాయి.

ఇక ఒక్కో చీటీకీ మార్కులు వేసి కూడితే సరిపోతుందనుకున్నాను. వేసి చూశాను కూడా. రెండు ఉద్యోగాలకీ ఇంచుమించు ఒకటే వచ్చింది. పైగా తెలియని చోట కడియానికి ఒక మార్కు ఎక్కువ వేసేస్తున్నానని ఆవిడ వేలు పెట్టి చూపించారు. "ఊహించి వేస్తే ఎలా? ప్రతి చీటీకీ ఒక ప్రశ్న చేసుకో. రెండు చోట్లా అదే ప్రశ్న అడుగు. వాళ్ళన్న మాట అన్నట్టే రాసుకురా. ఇంకోటి, ఇందులో కొంచెం తగ్గినా సర్దుకునేవి ఏవో, అసలు తగ్గడానికి వీల్లేనిది ఏదో చూసుకో. వీల్లేనిదాన్ని మిగతావాటితో కలిపి కూడకూడదు." అంతేగాని ఎందులో చేరాలో ఆవిడ చెప్పలేదు. ఆ రోజు నాకు అది కూడా కోపమే తెప్పించింది.

సోమవారం ల్యాబుకి వెళ్ళాను. ట్రైనింగు, వేళలు, జీతం పెరిగే పద్ధతి అన్నీ అడిగి, చివర్లో నా మొదటి చీటీ ప్రశ్న అడిగాను. ఆర్డరు పంపే రోజు బాగాలేని మొక్కలు కనిపిస్తే ఎవరి మాట చెల్లుతుంది? ల్యాబు చూసే మేడమ్ నన్ను గ్రీన్‌హౌసులోకి తీసుకెళ్ళారు. ఆకు రూపం తేడాగా ఉన్న పిలకలు ఒక మూల ట్రేల్లో ఉన్నాయి. "ఏరిన వాళ్ళ మాటే. ఎందుకు తీశారో రిజిస్టర్లో రాస్తారు, అవి పారేస్తాం. రైతుకి ఫోను చేసి తక్కువొస్తున్నాయని చెప్తాం, తిట్లు తింటాం" అన్నారు. ఆవిడ అన్నట్టే రాసుకున్నాను. ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాటింది. అది కూడా రాసుకున్నాను.

మర్నాడు ఓనరుగారిని అదే అడిగాను. ఆయన నా వైపు చూసి, "లోడు రోజున బండి మాటే చెల్లుతుందమ్మా. రాష్ట్రం దాటి పోయే లారీని ఆపుకుని కూర్చోలేం కదా. మన దగ్గర అలాంటి మొక్కలు తక్కువే గాని, అసలు పోవని చెప్పను" అన్నారు.

ఆయనకి నేను ఎంత రుణపడి ఉన్నానో ఎలా చెప్పాలో తెలియదు. 'నీ మాటే చెల్లుతుందమ్మా' అని ఒక్క అబద్ధం ఆడితే నేను ఆ సాయంత్రమే చేరిపోయేదాన్ని. ఆయన ఆడలేదు.

ఇక మిగిలింది అమ్మ. సామర్లకోట అన్నానో లేదో కంచం ముందు నుంచి లేచిపోయింది. "ఇరవై ఏళ్ళు అన్నం పెట్టిన చోటు. బాబుగారి మొహం ఎలా చూడమంటావే నన్ను?" అంది. రెండు రోజులు అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. నాకు నిజంగా భయం వేసింది. ఉద్యోగం ఏదైనా దొరుకుతుంది, ఈవిడ మనసు విరిగితే నేనేం చేయాలి? మూడో రోజు చీటీలు తెచ్చి ఆవిడ ముందు పెట్టి ఒక్కొక్కటీ చదివాను. సాయంత్రం అన్నం మూడోదానిగా ఎందుకు పెట్టానో ఏడుస్తూ చెప్పాను. ట్యాగు చీటీ చదివినప్పుడు అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. చదవడం రాదు ఆవిడకి. తిప్పి చూసి, "ఎవరు చెప్పారు నీకిది?" అని అడిగింది.

"ఎవరూ చెప్పలేదమ్మా."

మర్నాడు అమ్మ పొద్దున్నే ముఖం కడుక్కుని, "పద, బాబుగారి దగ్గరికి నేనూ వస్తాను. నువ్వొక్కదానివే వెళ్తే బాగోదు" అంది.

ఓనరుగారికి నేనే చెప్పాను. రాలేనండీ, మీరు చేసినవేవీ మర్చిపోలేదండీ అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. అమ్మ వైపు తిరిగి, "నీ కూతురే, ఇంకెలా ఉంటుంది! పట్టని అంట్లు లోడెక్కకుండా నువ్వు ఇప్పటికీ షెడ్డు వెనక్కి చేరేస్తావని నాకు తెలీదనుకున్నావా? ఎన్నిసార్లు తిట్టానమ్మా, మానావా నువ్వు?" అన్నారు. తర్వాత నాతో, "వెళ్ళిరా. నేర్చుకున్నది ఎప్పుడైనా వచ్చి మాకూ చెప్పు" అన్నారు. అమ్మ తల ఎత్తలేదు.

గేటు దాటాక అడిగాను. ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదమ్మా అని.

"అదీ ఓ చెప్పే సంగతేనా?" అంది అమ్మ. "ఎక్కడి నుంచో వచ్చి కొనుక్కుంటారు. ఎండలో నీళ్ళు మోసుకుని పోసుకుంటారు పాపం. మంచి మొక్క అనుకునే కదా పోస్తారు."

నేను రోడ్డు మీదే ఏడ్చేశాను. అమ్మ కొంగుతో నా మొహం తుడిచి, ఆ సామర్లకోట బండి పొద్దున ఎన్నింటికో, క్యారేజీలోకి ఏం కట్టాలో అడిగింది.