ఏ చేలో కలుపు?

గుంటూరులో రైతుల సంఘం ఒకటి నడిపే సలహా కేంద్రంలో నా మొదటి ఉద్యోగం. ఊళ్ళ నుంచి వాట్సాప్‌లో వచ్చే ప్రశ్నలు విని జవాబులు పంపడమే పని. పర్చూరు దగ్గరి ఊళ్ళో ఉండే ఒకావిడ తమ మహిళా సంఘం వాళ్ళందరి ప్రశ్నలూ కలిపి పొద్దున్నే ఒక్క వాయిస్ మెసేజ్‌లో చెప్పేసేది. తర్వాత ఫోన్ ఇంట్లో పెట్టి చేలోకి వెళ్ళిపోయేది.

అగ్రికల్చర్ డిప్లొమా చదివి కొత్తగా చేరిన నాకు ఏ ప్రశ్న చూసినా సగమే ఉన్నట్టు కనిపించేది. "మిరపకి తడి ఎప్పుడు పెట్టాలి?" అంటే ఏ నేల, ఏ వయసు తోట? ఆవిడ మొదటిసారి పంపిన వాటన్నిటికీ నేను ప్రశ్నలే తిరిగి పంపాను. సాయంత్రం ఆవిడ ఫోన్ చేసింది.

"ఏమ్మా, అన్నీ నన్నే అడిగితే ఇక మీకు పంపడం ఎందుకు? ఇంటింటికీ తిరిగి కనుక్కోవడానికి నాకు పొద్దుండాలి గదా."

ఆవిడ కోపంగా అనలేదు, అలసటతో అంది. అందుకే నాకు మరీ బాధ అనిపించింది. మా పెద్దసారుకు చెప్పాను. ఆయన వ్యవసాయ శాఖలో చేసి రిటైరై మా దగ్గరికి వచ్చారు. ఆ మెసేజ్ మళ్ళీ పెట్టించుకుని విన్నారు.

"తడి సంగతి అడగక్కర్లేదమ్మా. ఆ చుట్టుపక్కల ఎక్కువగా నల్లరేగడే. అదనుకుని చెప్పు. ఏమనుకున్నావో కూడా చెప్పు, ఎర్రనేలైతే కాస్త ముందే పెట్టుకోమను. వాళ్ళే సరిచూసుకుంటారు."

"తప్పయితే, సార్?"

"తప్పయితే ఏం పోతుందో అదే చూడు. సర్దుకునేదైతే చెప్పెయ్. సర్దుకోలేనిదైతే అడుగు."

తర్వాతి మెసేజ్ పత్తి పూత, కాయ మీదున్న రోజుల్లో వచ్చింది. పత్తి ఆకులు ఎర్రబడుతున్నాయని ఒకటి. చలి వల్లా కావచ్చు, మెగ్నీషియం చాలకా కావచ్చు. లీటరు నీటికి పది గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు కొట్టమన్నాను. కారణం చలే అయినా ఆ మందు వల్ల చేనుకి చెరుపు లేదు. ఆకు అడుగున రసం పీల్చే పచ్చదోమ ఉంటే మాత్రం మళ్ళీ చెప్పమన్నాను. పత్తి తీత గురించీ, మిరప తడి గురించీ అడిగినవాటికి కూడా నేననుకున్నది చెబుతూ జవాబిచ్చాను.

ఆ వరసలోనే ఇంకొకటి ఉంది. "చేలో వెడల్పాకు కలుపు బాగా లేచింది, కూలోళ్ళు దొరకట్లేదు, మందు చెప్పండి." ముందూ వెనకా ఉన్నవి పత్తి ప్రశ్నలే. ఇదీ పత్తే అయ్యుంటుందనిపించింది. పత్తిలో కొట్టే మందు పేరు టైప్ కూడా చేశాను. పంపబోతూ ఆగాను. పత్తికి పనికొచ్చే ఆ మందు మిరప మీద పడితే మొక్కలు మాడిపోతాయి. అప్పుడు సర్దుకోవడానికి తోటే ఉండదు.

మిగతా జవాబులు ఆపకుండా పంపేశాను. దీనికి మాత్రం "ఏ పంటండీ? తెలిసేదాకా ఏ మందూ కొట్టొద్దు" అని పెట్టి, ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ అడిగి విసిగిస్తున్నానేమోనని బెరుకుగానే ఉంది. అయినా చేస్తూనే ఉన్నాను. అన్నం వేళకు ఆవిడే ఎత్తింది.

"కలుపన్నారు గదండీ, అది పత్తా?"

"కాదమ్మా. అది మా తోడికోడలిది, మిరప. చెప్పలేదా నేను? పక్క చేనోళ్ళు పత్తిలో కొట్టిన మందే మిగిలిందంట. అదే కొడదామనుకుంటంది."

"వద్దండీ, మిరప మాడిపోద్ది. నాటిన మిరపలో వెడల్పాకు కలుపుకి పైన కొట్టే మందు లేదు. సాళ్ళ మధ్య గుంటక తోలించండి, మొక్కల మొదట్లోది చేత్తో తీయాల్సిందే."

"కూలోళ్ళు లేరనే గదమ్మా అడిగింది." మళ్ళీ తనే, "సర్లే, మేవే తలా ఓ చెయ్యేస్తాం," అంది. ఫోన్ పెట్టబోతూ, "ఈసారి ఒకటే అడిగావు," అంది. నవ్వుతోందని గొంతులో తెలిసింది.

సంఘంలో ఆడవాళ్ళు కలిసి ఆ తోట కలుపు తీశారట. నేననుకుని చెప్పిన జవాబుల్లో ఒకటి తప్పింది. తడి అడిగిన వాళ్ళది ఎర్రనేలేనట. ఎర్రనేలైతే ఏం చేయాలో జవాబులోనే ఉండడంతో అలాగే పెట్టుకున్నారు.

ఆ శీతాకాలం చివర్లో ఒక పని మీద చీరాల వెళ్తూ ఆ ఊళ్ళో దిగాను. ఆవిడ నన్ను తోడికోడలి తోటకే తీసుకెళ్ళింది. ఎర్రకాయల మధ్య నిలబడి ఆ తోడికోడలు, "ఆ రోజు ఫోన్ చేసింది మీరేనా అండీ?" అని అడిగి, తాగడానికి మజ్జిగ తెచ్చింది. అవునని తలూపి గ్లాసు రెండు చేతులతో అందుకున్నాను. నాకు పని నేర్పింది సారు ఒక్కరే అనుకునేదాన్ని అంతదాకా. ఆ తోటలో నిలబడితే, విసుగొచ్చినా మాకు పంపడం మానని ఆవిడకి కూడా అంతే రుణపడ్డానని అర్థమైంది.